మూడో రిమైండర్‌లో ఏం రాయాలి? రెండు మెయిల్స్‌కీ జవాబు రానప్పుడు

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మెయిల్ గురించి మాట్లాడుకుందాం. మొదటి మెయిల్ పంపాం, జవాబు లేదు. రెండు వారాలు ఆగి రిమైండర్ పెట్టాం, దానికీ లేదు. ఇప్పుడు మూడోది రాయాలి. మర్యాద తప్పకూడదు. అట్లని ఇది కూడా వెళ్లి ఆ రెండింటి పక్కన పడుకోకూడదు. దీన్ని ఎట్లా రాయాలి?

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. సూర్యాపేటలో ఒక చిన్న మోటార్ వైండింగ్ షాపు ఉందనుకోండి. నాన్న వైండింగ్ చేస్తాడు, డిగ్రీ అయిపోయిన కొడుకు బిల్లులు, మెయిల్స్ చూసుకుంటాడు. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లుల ఊరని మీకు తెలుసు కదా. అక్కడి ఒక మిల్లు నుంచి మూడు మోటార్లు కాలిపోయి వచ్చాయి. 5 హెచ్‌పీవి రెండు, ఒక్కోదానికి 5,000. 10 హెచ్‌పీది ఒకటి, 8,500. మొత్తం 18,500 రూపాయలు. ఫిబ్రవరి 3న మోటార్లు మిల్లుకు చేర్చారు, చలాన్ మీద సంతకం తీసుకున్నారు. "బిల్లు మెయిల్ చేయండి, మా అకౌంటెంట్ చూస్తాడు" అన్నారు. ఫిబ్రవరి 10న బిల్లు మెయిల్ చేశాడు. 24న రిమైండర్ పెట్టాడు. మార్చి 10 వచ్చింది. ఏ జవాబూ లేదు.

ఇట్లాంటప్పుడు మనలో చాలామంది రాసే మూడో మెయిల్ దాదాపు ఇట్లా ఉంటుంది:

"సార్, గతంలో రెండుసార్లు మెయిల్ పంపినా ఇంతవరకు మీ నుంచి ఎటువంటి స్పందన లేదు. దయచేసి వీలు చూసుకుని మా బకాయి త్వరగా చెల్లించగలరని మనవి."

చూడటానికి మర్యాదగానే ఉంది. సార్ ఉంది, దయచేసి ఉంది, మనవి కూడా ఉంది. కానీ మెల్లగా చదవండి. "రెండుసార్లు పంపినా" అన్నాడు. ఆ చివరి దీర్ఘం చూడండి. "పంపాను" అంటే సమాచారం. "పంపినా" అంటే ఫిర్యాదు. "నేను పంపినా నువ్వు పట్టించుకోలేదు" అని ఆ ఒక్క అక్షరమే చెప్పేస్తుంది. తర్వాత "ఇంతవరకు", ఆ తర్వాత "ఎటువంటి". ఒకటి మీద ఒకటి మూడు దెబ్బలు. చదివే అకౌంటెంట్‌కి మొదటి వాక్యంలోనే తప్పు తనదని తెలిసిపోయింది. ఇప్పుడు జవాబు రాయాలంటే ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. సంజాయిషీతో మొదలయ్యే మెయిల్ రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. "తర్వాత రాద్దాంలే" అని పక్కన పెడతాడు.

ఇక రెండో వాక్యం చూడండి. "వీలు చూసుకుని" అన్నాం. వీలు లేదు కాబట్టే కదా రెండు మెయిల్స్‌కీ జవాబు రాలేదు! ఆలస్యం చేయడానికి మనమే చేతికి అనుమతి ఇచ్చినట్టయింది. "త్వరగా" అన్నాం. త్వరగా అంటే రేపా, వచ్చే నెలా? అది ఎవరి గడియారాన్ని బట్టి వాళ్లకి. ఏ బిల్లు, ఎంత డబ్బు అన్నది అసలు లేనే లేదు.

అంటే ఈ మెయిల్‌లో మాటలన్నీ తారుమారు అయ్యాయి. మనిషి గురించి మాట్లాడే చోట మెత్తగా ఉండాలి, అక్కడ గట్టిగా ఉంది. తేదీ, మొత్తం, తర్వాత జరిగేది చెప్పే చోట గట్టిగా ఉండాలి, అక్కడ మెత్తబడిపోయింది. మూడో మెయిల్‌ని బాగుచేయడం అంటే ఈ రెండింటినీ వాటి వాటి చోట్లకి మార్చడమే. ఇంకో నాలుగు "దయచేసి"లు కలిపితే అది జరగదు.

రాయడానికి ముందు ఒక పని చేయాలి. జవాబు ఎందుకు రాలేదో ఆలోచించండి. ఇట్లాంటి బిల్లు విషయంలో మామూలుగా మూడు కారణాలుంటాయి. ఒకటి, మెయిల్ సరైన మనిషి దగ్గరికి చేరలేదు. స్పామ్‌లో పడిందో, అడ్రస్‌లో ఒక అక్షరం తేడా వచ్చిందో, లేదా ఆ ఇన్‌బాక్స్ చూసేవాళ్లే మారిపోయారో. రెండు, చేరింది కానీ ఎక్కడో ఆగింది. బిల్లు మీద బ్యాంకు వివరాలు లేవు, లేదంటే ఒక మోటార్ మళ్లీ వేడెక్కుతోందని సూపర్‌వైజర్ అన్నాడు, ఆ సంగతి మనకి ఎవరూ చెప్పలేదు. మూడు, అంతా బాగానే ఉంది, డబ్బు ఎప్పుడివ్వాలో ఓనర్ ఇంకా చెప్పలేదు. అకౌంటెంట్ చేతిలో ఏమీ లేదు, అందుకే మౌనంగా ఉన్నాడు.

ఈ మూడింట్లో ఏదో మనకి తెలియదు. "డబ్బు కట్టండి" అని మూడోసారి అడిగితే కూడా తెలియదు. అందుకే మూడో మెయిల్‌లో అడిగేది మార్చాలి. ఇప్పుడు మనకి ముందుగా కావాల్సింది ఆ మూడింట్లో ఏది అన్న సమాచారం. అది ఫోన్‌లో ఒక్క వేలితో, పది సెకన్లలో ఇచ్చేలా ఉండాలి. పద్దెనిమిది వేలు ఇప్పించడం అకౌంటెంట్ వల్ల కాకపోవచ్చు. "2" అని రాసి పంపడం మాత్రం ఎవరి వల్లైనా అవుతుంది.

ఇప్పుడు ఆ మెయిల్‌ని మళ్లీ రాద్దాం.

సబ్జెక్ట్: బిల్లు నం. 27, మోటార్ వైండింగ్, రూ. 18,500: మార్చి 18 లోపు ఒక్క మాట కావాలి

"నమస్కారం సార్.

ఫిబ్రవరి 3న మీ మిల్లుకు అందించిన మూడు మోటార్ల వైండింగ్ బిల్లు (నం. 27, రూ. 18,500) గురించి రాస్తున్నాను. ఫిబ్రవరి 10న, 24న మెయిల్ పంపాను. నాకు జవాబు అందలేదు. అవి మీ దాకా వచ్చాయో లేదో తెలియదు కాబట్టి బిల్లు, సంతకం చేసిన చలాన్, మా బ్యాంకు వివరాలు మళ్లీ జత చేస్తున్నాను.

కింది వాటిలో ఏదో ఒక నంబర్ రాసి పంపితే చాలు.

1. బిల్లు నమోదైంది. చెల్లించే తేదీ ఇది.
2. బిల్లులో గానీ, పనిలో గానీ ఇది సరిచేయాలి.
3. ఇది చూసేది నేను కాదు. వీరిని అడగండి.

మార్చి 18 దాకా మీ జవాబు కోసం చూస్తాను. రాకపోతే 19న ఉదయం 11 గంటలకు బిల్లు కాపీ తీసుకుని మీ ఆఫీసుకు వస్తాను. ఆ సమయం కుదరకపోతే వేరే సమయం చెప్పండి."

కింద పేరు, షాపు పేరు, ఫోన్ నంబర్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబర్. అంతే.

ఇందులో ఏం మారిందో చూద్దాం. "మీరు స్పందించలేదు" పోయి "నాకు జవాబు అందలేదు" వచ్చింది. జరిగింది ఒకటే, కానీ మొదటిది ఆయన చేసిన తప్పు గురించి, రెండోది మన దగ్గర ఉన్న పరిస్థితి గురించి. "మీ దాకా వచ్చాయో లేదో తెలియదు" అన్న మాట ఆయనకి ఒక తలుపు తెరుస్తుంది. నిజంగా చూసి వదిలేసినా సరే, "అవునా, ఇప్పుడే చూశాను" అని పరువు పోకుండా జవాబివ్వొచ్చు. సంజాయిషీ అడగనివాడికి జవాబు తొందరగా వస్తుంది.

తేదీలు రెండూ రాశాం, కానీ "పంపినా" అనకుండా "పంపాను" అన్నాం. ఎందుకు రాయాలంటే, రేపు ఓనర్ ఈ మెయిల్ చూస్తే కథంతా ఇందులోనే ఉండాలి. పాత మెయిల్స్ వెతుక్కునే పని పెట్టకూడదు.

రెండో నంబర్‌లో "పనిలో గానీ" అన్నాం చూడండి. చాలామంది దీన్ని అడగడానికి భయపడతారు. వంక పెట్టడానికి మనమే దారి చూపిస్తున్నామేమో అనుకుంటారు. కానీ నిజంగా మోటార్‌లో తేడా ఉంటే అది ఇప్పుడే తెలియాలి, జూన్‌లో కాదు. తేడా ఏమీ లేకపోతే, మనం అడిగాం, వాళ్లేమీ చెప్పలేదు అన్నది తారీఖుతో సహా రాతలో ఉంటుంది.

ఇక చివరి పేరా. మెయిల్ మొత్తంలో గట్టిగా ఉన్నది అదొక్కటే. అందులో బెదిరింపు లేదు. 18, 19, ఉదయం 11. మనం ఏం చేస్తామో చెప్పాం, వాళ్లేం చేయాలో చెప్పలేదు. ఇంకో మాట, రాసింది చేసి తీరాలి. 19న వెళ్లకపోతే మీ నాలుగో మెయిల్‌కి విలువ ఉండదు. అందుకే మీరు చేయగలిగిందే రాయండి. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ బండి మీద వెళ్లి రావడం ఒక పూట పని, చేయొచ్చు. "కోర్టుకు వెళ్తాం" అని రాసి వెళ్లకపోతే అది అవతలివాళ్లకి కూడా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఫోన్‌లో జరిగే ఒక చిన్న పొరపాటు చెప్తాను. పాత మెయిల్ తెరిచి రిప్లై కొడితే కింద పాత మాటలు వెళ్తాయి కానీ, జత చేసిన బిల్లు వెళ్లదు. ఫార్వర్డ్ కొడితేనే అటాచ్‌మెంట్ వెంట వస్తుంది. "బిల్లు కింద ఉంది చూడండి" అని రాసి రిప్లై కొడితే అక్కడ బిల్లే ఉండదు. కాబట్టి ప్రతిసారీ మళ్లీ జత చేయండి. ఫైల్ పేరు `IMG_0203.jpg` అని కాకుండా `Bill-27-Rs18500.pdf` అని మార్చండి. అకౌంటెంట్ డౌన్‌లోడ్స్‌లో ఆ పేరుతోనే దొరుకుతుంది. సబ్జెక్ట్‌లో "రిమైండర్ 3" అని రాయకండి. అది ఆయన చేయని పనిని లెక్కపెట్టి చూపించినట్టు ఉంటుంది. బిల్లు నంబర్, మొత్తం, తేదీ, ఈ మూడూ చాలు.

మెయిల్ పంపాక వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెట్టొచ్చు: "సార్, బిల్లు 27 గురించి ఇప్పుడే మెయిల్ పంపాను." అంతవరకే. మొత్తం విషయం అక్కడ మళ్లీ రాస్తే మాట రెండు చోట్ల నడుస్తుంది, రేపు దేనికి జవాబు వచ్చిందో, ఎక్కడ వచ్చిందో వెతుక్కోవాలి.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. చట్టం గురించి మూడో మెయిల్‌లో రాయాలా? ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, రిజిస్టర్ అయిన సూక్ష్మ, చిన్న సంస్థ సరుకో సేవో అందిస్తే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఒప్పందం ఉంటే అందులోని తేదీకి, అది కూడా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించిన బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీగా పడుతుంది. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో ఇంకో మార్పు తెచ్చారు. ఇట్లాంటి బకాయిని గడువులో చెల్లించకపోతే, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఆ ఖర్చుని కొనుగోలుదారు లెక్కలో చూపించుకోగలడు. మార్చిలో ఖాతాలు ముగిస్తున్న అకౌంటెంట్‌కి ఈ సంగతి మనం చెప్పాల్సిన పని లేదు.

అందుకే మన మెయిల్‌లో సెక్షన్లు రాయలేదు. సంతకం కింద ఉద్యమ్ నంబర్ ఒక్కటి పెట్టాం. బిల్లు మీద కూడా అది ఉండాలి. అకౌంటెంట్‌కి ఆ ఒక్క లైన్ చాలు. సెక్షన్ నంబర్ రాస్తే ఆ మెయిల్ ఓనర్ దగ్గరికి "వాళ్లు మన మీద కేసు అంటున్నారు" అన్న మాటతో వెళ్తుంది. వచ్చే సీజన్‌లో కాలిపోయే మోటార్ ఇంకో షాపుకు పోతుంది. చట్టం మాట తర్వాతి మెట్టుకి దాచుకోండి. దీనికి హద్దులు కూడా ఉన్నాయి. పని చేయడానికి ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి, తర్వాత చేయించుకుని పాత బిల్లుకి వాడతామంటే నిలబడటం కష్టం. ఊరికే సరుకు కొని అమ్మే వ్యాపారులకి ఈ ఆలస్యపు చెల్లింపుల రక్షణ వర్తించదు.

సమయం కూడా చూసుకోండి. మార్చి రెండో వారం ఎందుకు మంచిదంటే, ఖాతాలు ముగిసే 31 ఇంకా ముందుంది, యాసంగి వడ్లు ఇంకా మిల్లుకి రాలేదు. ఏప్రిల్‌లో వడ్ల లారీలు గేటు ముందు వరస కడితే ఆఫీసులో ఎవరూ మీ మెయిల్ తెరవరు. అప్పటి మౌనానికి అర్థం వేరు.

ఇదే పద్ధతి డబ్బు లేని విషయంలో ఎట్లా పనిచేస్తుందో ఒకసారి చూద్దాం. కోదాడ అమ్మాయి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేసి మానేసింది అనుకోండి. కొత్త ఉద్యోగంలో ఏప్రిల్ 7న చేరాలి. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు. హెచ్ఆర్‌కి రెండు మెయిల్స్ పెట్టింది, జవాబు లేదు. మూడోదాంట్లో "లెటర్ పంపండి" అని మళ్లీ అడగడం కన్నా ఇట్లా అడగొచ్చు: "లెటర్ రావడానికి నా వైపు నుంచి ఇంకా ఏదైనా పెండింగ్ ఉందా? ల్యాప్‌టాప్, ఐడీ కార్డు మార్చి 5న అప్పగించాను, రసీదు జత చేస్తున్నాను." దీనికి ఉంది, లేదు అని ఒక్క మాటలో చెప్పొచ్చు. లేదు అంటే, ఇక లెటర్ ఆపడానికి వాళ్ల దగ్గర కారణం మిగలదు.

ఇక్కడ తేదీ కూడా వేరు. మిల్లు విషయంలో గడువు మనం పెట్టుకున్నది. ఇక్కడ గడువు నిజంగానే ఉంది, అది ఏప్రిల్ 7. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి: "ఏప్రిల్ 7న చేరేటప్పుడు ఈ లెటర్ చూపించాలి." "చాలా అర్జెంట్ సార్, నా జీవితం ఆగిపోయింది" అని రాయనక్కర్లేదు. ఆఫీసుకి వెళ్లడం బదులు తర్వాతి మెట్టు ఇట్లా రాయొచ్చు: "ఈ నెల 28లోపు సమాధానం అందకపోతే మా మేనేజర్ గారిని కాపీలో పెట్టి మళ్లీ రాస్తాను." ముందే చెప్పి చేస్తే అది పద్ధతి. చెప్పకుండా మూడో మెయిల్‌లోనే పైవాళ్లందరినీ కాపీలో పెడితే అది ఫిర్యాదు చేసినట్టు. హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లు దాన్ని అట్లాగే తీసుకుంటారు.

చివరగా, జవాబు వచ్చాక ఏం చేయాలి? "1" అని వచ్చి తేదీ లేకపోతే, అదే రోజు ఒక లైన్ రాయండి: "థాంక్యూ సార్. ఏ తేదీ అని రాసుకోమంటారు?" "3" వస్తే ఇదే మెయిల్ కొత్త మనిషికి ఫార్వర్డ్ చేయండి, పైన "ఫలానా సార్ మిమ్మల్ని అడగమన్నారు" అని ఒక వాక్యం పెట్టండి. 18 దాటినా ఏమీ రాకపోతే 19న బిల్లు, చలాన్, మూడు మెయిల్స్ ప్రింట్ తీసుకుని వెళ్లండి. అక్కడ కూడా అడగాల్సింది ఆ మూడు నంబర్ల ప్రశ్నే. వెళ్లి వచ్చాక అదే సాయంత్రం "ఈ రోజు కలిసినందుకు థాంక్యూ సార్, ఫలానా తేదీన ఇస్తామన్నారు" అని మెయిల్ పెట్టండి. నోటి మాట అప్పుడు రాతలోకి వస్తుంది. ఆ తేదీ కూడా దాటిపోతే అప్పుడు చట్టం మాట మొదలుపెట్టొచ్చు. మీ ఫైల్‌లో మూడు మర్యాదైన మెయిల్స్, వాటి తేదీలు సిద్ధంగా ఉంటాయి.

ఇప్పుడు మీ సెంట్ ఫోల్డర్‌లో జవాబు రాని మెయిల్ ఏదైనా ఉంటే తెరిచి, అందులో "పంపినా", "ఇంతవరకు", "వీలు చూసుకుని", "త్వరగా" అన్న నాలుగు మాటలు ఎక్కడున్నాయో చూడండి. మొదటి రెండింటినీ తీసేయండి, చివరి రెండింటి చోట ఒక తేదీ పెట్టండి.